గట్టిగా పరిగెత్తి ఒక్కసారిగా ఆగితే కళ్లెందుకు తిరుగుతాయి? తిరక్కుండా ఎలా ఆపాలి?

పరిగెడుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. ఆగి నిలబడ్డాక, కాస్త ఊపిరి తీసుకునేలోపే తల తేలిపోతుంది. కళ్ల ముందు చీకట్లు కమ్ముకొస్తాయి. చెవుల్లో హోరు, కడుపులో తిప్పు, నుదుటి మీద చల్లటి చెమట. పట్టుకోవడానికి ఏదైనా దొరుకుతుందా అని చెయ్యి వెతుక్కుంటుంది. చాలామంది దీన్ని స్టామినా లేకపోవడం అనుకుంటారు, లేదా షుగర్ పడిపోయిందని గబగబా ఏదో తియ్యటిది తాగేస్తారు. ఎక్కువసార్లు అసలు కారణం ఆ రెండూ కాదు. మీరు పరిగెత్తిన తీరులో తప్పేం లేదు, ఆపిన తీరులోనే ఉంది. కాబట్టి మార్చుకోవాల్సింది కూడా ఆపే పద్ధతినే.

ముందు లోపల ఏం జరుగుతుందో చూద్దాం

ఊరికే కూర్చున్నప్పుడు గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. అందులో కండరాలకు వెళ్లేది ఐదో వంతు లోపే. గట్టిగా పరిగెడుతున్నప్పుడు అదే గుండె, మామూలు ఆరోగ్యవంతుల్లో కూడా, నిమిషానికి 20 లీటర్ల దాకా పంపగలదు. అందులో 80 శాతం దాకా పని చేస్తున్న కండరాలకే పోతుంది, అంటే పరుగులో ముఖ్యంగా కాళ్లకు. అంత రక్తం పట్టడానికి కాళ్లలోని సన్నటి రక్తనాళాలు బాగా విప్పారి ఉంటాయి.

ఇంత రక్తం కిందికి దిగడం తేలికే. మళ్లీ పైకి, గుండెకు చేరడమే కష్టం. ఆ పని గుండె ఒక్కటే చేయలేదు, పిక్కలు, తొడలు చేసిపెడతాయి. అడుగు వేసిన ప్రతిసారీ కండరం బిగుసుకుని, తన మధ్యలో ఉన్న సిరలను పిండుతుంది. సిరల్లో రక్తాన్ని పైకే వెళ్లనిచ్చే కవాటాలు ఉంటాయి కాబట్టి పిండిన రక్తం వెనక్కి జారకుండా గుండె వైపు కదులుతుంది. కండరం వదులైనప్పుడు సిర మళ్లీ నిండుతుంది. పరుగులో ఇది నిమిషానికి నూట యాభైసార్లకు పైగా జరుగుతుంది.

ఇప్పుడు మీరు ఠక్కున ఆగారు. అడుగులు ఆగాయి కాబట్టి ఆ పిండడం కూడా ఆ క్షణమే ఆగిపోయింది. కానీ విప్పారిన నాళాలు ఆ క్షణమే ముడుచుకోవు, వాటికి కొన్ని నిమిషాలు పడుతుంది. పొలంలో మడవలన్నీ తెరిచి ఉంచి, నీళ్లను తిరిగి ఎగువకు తోడే మోటారును మాత్రం కట్టేసినట్టు అన్నమాట. రక్తం కాళ్లలోకి వస్తూనే ఉంటుంది, తిరిగి వెళ్లేది తగ్గిపోతుంది. గుండెకు చేరేదే తక్కువైతే, అది ఎంత వేగంగా కొట్టుకున్నా పంపేది కూడా తక్కువే. బీపీ పడిపోతుంది. నిలబడి ఉన్న మనిషిలో అన్నిటికంటే ఎత్తున ఉన్న మెదడుకే ముందు లోటు తెలుస్తుంది.

దీనికి ఇంకో రెండు తోడవుతాయి. ఒకటి వేడి: ఒంటిని చల్లబరచడానికి చర్మం కింద నాళాలు కూడా విప్పారి కొంత రక్తాన్ని అటు లాగేసుకుంటాయి, చెమట రూపంలో పోయిన నీరు వల్ల మొత్తం రక్తమే కాస్త తగ్గి ఉంటుంది. రెండోది రొప్పడం. ఆగాక కూడా అవసరానికి మించి గబగబా ఊపిరి వదులుతుంటే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దాంతో మెదడుకు వెళ్లే నాళాలు సన్నబడతాయి. అసలే తక్కువగా వస్తున్న రక్తానికి దారి కూడా ఇరుకవుతుంది.

ఒకే పరుగు, రెండు ముగింపులు

నలభై ఏళ్ల ఆరోగ్యవంతుడు ట్రెడ్‌మిల్ మీద ఉన్నాడనుకుందాం. ఇరవై నిమిషాలు గంటకు 9 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తాడు. చివరి రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టినంత పని చేసి 12కి పెంచాడు. పల్స్ 170 దాటింది. టైం అవగానే ఎర్ర బటన్ నొక్కాడు. బెల్టు ఆగింది. రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని, తల వంచుకుని, కాళ్లు కదపకుండా నిలబడి రొప్పుతున్నాడు.

మొదటి కొన్ని సెకన్లు ఏమీ తెలియదు. అందుకే "ఆగినప్పుడు బాగానే ఉంది కదా" అనిపిస్తుంది. ఆ తర్వాత గుండెకు చేరే రక్తం తగ్గుతున్న కొద్దీ లక్షణాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, ఆ వరసను గుర్తుపెట్టుకోవడం మంచిది. ముందు కళ్లు చెబుతాయి. రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి, ఎదురుగా ఉన్న స్క్రీన్ మీది అంకెలు మసకబారతాయి, చూపు అంచుల నుంచి నలుపు లోపలికి వస్తుంది. కంటి లోపల ఎప్పుడూ కొంత ఒత్తిడి ఉంటుంది. దాన్ని దాటి లోపలికి పోయేంత బలం రక్తానికి లేకపోతే, మెదడు కంటే ముందు కంటి తెరకే సరఫరా తగ్గుతుంది. తర్వాత పక్కవాళ్ల మాటలు దూరం నుంచి వస్తున్నట్టు వినిపిస్తాయి. ఆ తర్వాత మోకాళ్లు పట్టు వదిలేస్తాయి. కడ్డీలు పట్టుకుని ఉన్నాడు కాబట్టి కాసేపు పడకుండా నిలబడగలడు, అసలు ప్రమాదం కూడా అదే. స్పృహ తప్పి పడితే తల ఆ మెషీన్‌కే తగులుతుంది.

ఇప్పుడు అదే మనిషి, అదే పరుగు. 12లో రెండు నిమిషాలు అవగానే స్టాప్ నొక్కకుండా వేగాన్ని 7కి దించాడు. ఒక నిమిషం మెల్లగా జాగింగ్. తర్వాత 5.5కి దించి రెండు నిమిషాలు చురుగ్గా నడిచాడు. తర్వాత 4కి దించి మూడు నిమిషాలు మామూలు నడక. అప్పుడు బెల్టు ఆపి, దిగి, నేల మీద ఇంకో రెండు నిమిషాలు అటూ ఇటూ తిరిగాడు. అంతా కలిపి 8 నిమిషాలు. కాళ్లు కదులుతూనే ఉన్నాయి కాబట్టి రక్తం పైకి వెళ్తూనే ఉంది. ఆ లోపు విప్పారిన నాళాలు నెమ్మదిగా ముడుచుకున్నాయి, పల్స్ దానంతట అది దిగింది. కళ్లు తిరగడానికి అవకాశమే రాలేదు.

మీరు ఎలా చేయాలి

*మొదటి పని, ముగింపును టైంలో కలుపుకోవడం.* మీకు ముప్పై నిమిషాలే ఉంటే ముప్పై నిమిషాలూ పరిగెత్తకండి. ఇరవై రెండో నిమిషానికే దించడం మొదలుపెట్టండి. కళ్లు తిరిగేవాళ్లలో చాలామందికి విషయం తెలియక కాదు, టైం చాలక ఆ చివరి నిమిషాలు కోసేస్తారు. కోయాల్సి వస్తే గట్టిగా చేసే భాగంలోంచే కోయండి.

*రెండోది, మెట్లుమెట్లుగా దించడం.* వేగం సగానికి ఒక నిమిషం, తర్వాత చురుకైన నడక, తర్వాత నెమ్మది నడక. మొత్తం 5 నుంచి 10 నిమిషాలు. ఎంత గట్టిగా చేశారో, గది ఎంత వేడిగా ఉందో, దాన్నిబట్టి 10కి దగ్గరగా వెళ్లండి. ట్రెడ్‌మిల్‌లో చాలావాటికి కూల్ డౌన్ అనే బటన్ ఉంటుంది, నొక్కితే వేగాన్ని అదే దించుకుంటూ వస్తుంది. కొన్ని మెషీన్లు మరీ త్వరగా దించేస్తాయి, అప్పుడు చేత్తో మీరే సరిచేసుకోండి.

*మూడోది, సరిపోయిందా లేదా చూసుకోవడం.* గడియారం కంటే ఊపిరి నమ్మకమైన గుర్తు. ఒక పొడవాటి వాక్యాన్ని మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా చెప్పగలగాలి. పల్స్ కూడా చూడాలంటే మణికట్టు దగ్గర 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. 15 సెకన్లలో 30 కంటే తక్కువ, అంటే నిమిషానికి 120 లోపు వచ్చాకే ఆగండి. వంద దగ్గరికి వస్తే ఇంకా మంచిది. నడుస్తూనే లెక్కపెట్టండి. పల్స్ చూడ్డానికని ఠక్కున ఆగడం వల్లే కళ్లు తిరిగినవాళ్లున్నారు. బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లలో పల్స్ ఎటూ తక్కువే ఉంటుంది కాబట్టి వాళ్లు ఊపిరినే నమ్ముకోవాలి.

*నాలుగోది, ఆగిన తర్వాతి పావుగంట.* దీన్ని జనం అసలు పట్టించుకోరు. గట్టి వ్యాయామం తర్వాత బీపీ మామూలు కంటే కాస్త తక్కువగా ఉండటం సహజం, అది కొన్ని గంటల పాటు ఉండొచ్చు. బీపీ ఎక్కువున్నవాళ్లకు అది లాభమే. కానీ ఆ సమయంలో వేణ్నీళ్ల స్నానానికి నిలబడితే చర్మం కింద నాళాలు మళ్లీ విప్పారతాయి. జిమ్‌లో బాగానే ఉండి బాత్‌రూంలో పడిపోవడం ఇలాగే జరుగుతుంది. చెమట ఆరేదాకా, కనీసం పావుగంట ఆగి, గోరువెచ్చని లేదా చల్లటి నీళ్లతో స్నానం చేయండి. నేల మీద పడుకుని స్ట్రెచింగ్ చేసేవాళ్లు దాన్ని నడక అయ్యాకే పెట్టుకోండి, లేచేటప్పుడు ముందు కూర్చుని, కాసేపు ఆగి నిలబడండి. నీళ్లు గుక్కగుక్కగా తాగండి.

ఈ ముగింపు నడక మర్నాటి ఒళ్లునొప్పులను ఆపుతుందని చాలామంది చెబుతారు. ఆ విషయంలో దాని వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. ఒళ్లునొప్పులు తగ్గలేదని దీన్ని మానేయకండి, ఇది చేయాల్సింది కళ్లు తిరక్కుండా ఉండటానికి.

పరుగు కాకుండా వేరేవి చేసేవాళ్లకు

సైకిల్ తొక్కేవాళ్లు తేలిక గేర్‌లో పెట్టి అయిదారు నిమిషాలు మెల్లగా తొక్కాలి. దిగగానే నిలబడి కబుర్లు పెట్టుకోకుండా కొంచెం నడవాలి. స్ప్రింట్లు, ఇంటర్వెల్స్ చేసేవాళ్లకు ముప్పు చివర్లోనే కాదు, ప్రతి రౌండ్ మధ్యలోనూ ఉంటుంది. విశ్రాంతి అంటే నిలబడటం కాదు, నడవడం. ఈత కొట్టేవాళ్ల సంగతి కొంచెం వేరు: నీళ్లలో ఉన్నంతసేపు ఒళ్లు అడ్డంగా ఉంటుంది, నీటి ఒత్తిడి కాళ్లను చుట్టూ నొక్కి పట్టి ఉంచుతుంది. గట్టున చేయి వేసి ఒక్క ఊపులో పైకొచ్చి నిలబడితే ఆ రెండు సాయాలూ ఒకేసారి పోతాయి. చివరి రెండు మూడు రౌండ్లు నెమ్మదిగా ఈది, నిచ్చెన పట్టుకుని మెల్లగా ఎక్కండి.

బరువులెత్తేవాళ్లకు వచ్చే కళ్లు తిరగడానికి కారణం ఇంకోటి. ఊపిరి బిగబట్టి పెద్ద బరువు ఎత్తినప్పుడు బీపీ బాగా పైకి పోతుంది. బరువు దించి ఊపిరి ఒక్కసారిగా వదలగానే అంత వేగంగానూ కిందికి పడుతుంది. అందుకే డెడ్‌లిఫ్ట్ దించిన రెండు మూడు సెకన్లలోనే తల తిరుగుతుంది, పరుగులోలాగా కాసేపు ఆగి కాదు. ప్రతి రెప్‌కీ ఊపిరి వదలండి, సెట్ అయ్యాక రెండడుగులు వేయండి.

ఆగక తప్పని పరిస్థితులు కూడా ఉంటాయి. మ్యాచ్ ముగిశాక వరసలో నిలబడాలి, పరుగు పందెం అయ్యాక గుంపులో ఇరుక్కుపోతారు. మారథాన్లలో కూలిపోయేవాళ్లలో ఎక్కువమంది గీత దాటాకే, ఆగినప్పుడే కూలిపోతారు. వాలంటీర్లు "ఆగకండి, నడవండి" అని తరుముతున్నట్టు చెప్పేది అందుకే. చోటు లేకపోతే ఉన్నచోటే కాళ్లు మార్చి మార్చి ఎత్తండి. మడమలు లేపి ముని వేళ్ల మీద నిలబడి దించండి, ఆపకుండా చేస్తూ ఉండండి. అదీ వీలుకాకపోతే కాలు మీద కాలు అడ్డంగా వేసి నిలబడి, తొడలు, పిరుదులు గట్టిగా బిగించి పట్టుకోండి. కదలిక లేకపోయినా ఆ బిగింపే సిరలను పిండుతుంది.

అప్పటికే మొదలైతే

తల తేలికగా అనిపించిన దశలోనే ఉంటే మళ్లీ నడక మొదలుపెట్టండి. ఊపిరి ముక్కుతో తీసుకుని, నోటితో నిదానంగా వదలండి. చూపు మసకబారడం మొదలైతే మాత్రం నడవకండి, ఓర్చుకోవాలని చూడకండి. వెంటనే నేల మీద వెల్లకిలా పడుకోండి. చుట్టూ ఎవరో చూస్తున్నారని మొహమాటపడేవాళ్లే తల పగలగొట్టుకుంటారు. పడుకోగానే గుండె, మెదడు, కాళ్లు ఒకే ఎత్తుకు వస్తాయి, రక్తం పైకి ఎక్కాల్సిన పని తప్పుతుంది. కాళ్లను ఒక అడుగు ఎత్తున బ్యాగు మీదో, బల్ల మీదో పెడితే ఇంకా త్వరగా తేరుకుంటారు. పడుకునే చోటు లేకపోతే గొంతుక్కూర్చోండి, అప్పుడు కాళ్లలో సిరలు నొక్కుకుని కొంత రక్తం పైకొస్తుంది.

సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లోనే చూపు తేటపడుతుంది. అక్కడే గబుక్కున లేవడం రెండో తప్పు, లేస్తే మళ్లీ వస్తుంది. అయిదు నిమిషాలు పడుకుని, రెండు నిమిషాలు కూర్చుని, ఏదైనా పట్టుకుని లేవండి. ఆ రోజుకు ఇక వ్యాయామం వద్దు.

పక్కనున్నవాళ్లకు ఒక మాట. పడిపోతున్న మనిషిని చంకల కింద చేతులు వేసి నిలబెట్టి ఉంచకండి, కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టకండి. సాయం చేస్తున్నామనుకుంటారు కానీ, మెదడుకు రక్తం అందకుండా అడ్డుపడుతున్నట్టే. తల తగలకుండా పట్టుకుని మెల్లగా నేల మీదికి దించండి. పూర్తి స్పృహ వచ్చేదాకా నోట్లో నీళ్లు పోయకండి.

ఇది ఆగడం వల్ల వచ్చింది కాకపోతే ఎలా తెలుస్తుంది

పైన చెప్పినదానికి మూడు గుర్తులుంటాయి: ఆగిన తర్వాతే వస్తుంది, నిలబడి ఉన్నప్పుడే వస్తుంది, పడుకుంటే త్వరగా పోతుంది. ఈ మూడింట్లో ఏది సరిపోకపోయినా వేరే కారణం గురించి ఆలోచించాలి.

ట్రెడ్‌మిల్ దిగాక నేల ముందుకు జారుతున్నట్టు, మనమే తేలుతూ పోతున్నట్టు అనిపిస్తే, చూపు మాత్రం స్పష్టంగా ఉంటే, అది బీపీ సంగతి కాదు. కదిలే బెల్టుకు అలవాటుపడ్డ మెదడు మళ్లీ కదలని నేలకు సర్దుకుంటోంది. కాసేపట్లో పోతుంది. తల తిప్పినప్పుడల్లా గది గిర్రున తిరుగుతుంటే అది ఎక్కువగా చెవి లోపలి సమస్య. చేతులు వణుకుతూ, ఆకలి వేస్తూ, పడుకున్నా తగ్గకపోతే షుగర్ తగ్గిందేమో చూడాలి, ముఖ్యంగా ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, అయోమయంగా ప్రవర్తిస్తుంటే వడదెబ్బ. అప్పుడు అంబులెన్స్‌కు ఫోన్ చేసి, అది వచ్చేదాకా ఆగకుండా చల్లటి నీళ్లతో ఒళ్లంతా తడపాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా చూడాల్సింది, పరిగెడుతున్నప్పుడే స్పృహ తప్పడం. కాళ్లు కదులుతూ రక్తం పైకి వెళ్తున్నప్పుడు కూడా మెదడుకు చాల్లేదంటే గుండెలో సమస్య ఉండొచ్చు. ఛాతీలో నొప్పి, గుండె లయ తప్పి కొట్టుకోవడం, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉండటం, వీటిలో ఏదున్నా డాక్టర్‌ను చూసేదాకా గట్టి వ్యాయామం ఆపేయండి. పడిపోయిన మనిషి పిలిచినా పలక్కుండా, ఊపిరి సరిగా తీసుకోకుండా ఉంటే అతని కాళ్లు ఎత్తి పెడుతూ సమయం పోగొట్టకండి. అంబులెన్స్‌ను పిలిచి వెంటనే సీపీఆర్ మొదలుపెట్టాలి.

బీపీ మందులు, మూత్రం ఎక్కువ పోయేలా చేసే మాత్రలు, ప్రొస్టేట్ సమస్యకు ఇచ్చే కొన్ని మందులు వాడేవాళ్లకు ఆగినప్పుడు బీపీ మరింత సులువుగా పడుతుంది. మందు మీ అంతట మీరు మానకండి, ముగింపు నడకను పది నిమిషాలకు పెంచి డాక్టర్‌తో చెప్పండి. నిదానంగా ఆపుతున్నా రెండు మూడుసార్లు మళ్లీ వచ్చిందంటే అందరూ చూపించుకోవాల్సిందే. వెళ్లేముందు నాలుగు విషయాలు కాగితం మీద రాసుకోండి: పరిగెడుతుండగా వచ్చిందా, ఆగాక వచ్చిందా, ఆగిన ఎంతసేపటికి, పడుకున్నాక ఎన్ని నిమిషాలకు తగ్గింది, ఆ రోజు ఏ మందులు, ఏ టైంకు వేసుకున్నారు. డాక్టర్ ముందుగా అడిగే ప్రశ్నలు ఇవే.